చర్మం దగ్గర ఆగిపోయే బీమా

షుగర్ ముదిరి పాదం కుళ్లి, మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చిన ఒక మనిషి సంగతి చూద్దాం. ఆపరేషన్‌కు, మత్తుమందుకు, ఐసీయూకు, గది అద్దెకు, మందులకు ఆరోగ్య బీమా డబ్బు ఇస్తుంది. కాలు తీయడానికైన ఖర్చుకు పెద్దగా పేచీ ఉండదు. ఆ మనిషి మళ్లీ లేచి నడవడానికి కృత్రిమ కాలు కావాలన్నప్పుడు మాత్రం ‘శరీరం వెలుపల వాడే పరికరం, పాలసీలో మినహాయింపు’ అని చెప్పి ఫైలు మూసేస్తారు. వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకు వాడే సీప్యాప్ మెషీన్ అడిగినవారికీ ఎక్కువగా ఇదే జవాబు వస్తోంది. ఈ మినహాయింపు వెనుక కొన్ని నిజమైన కారణాలున్నాయి. అయితే ఇప్పుడు గీత గీసిన చోటు తప్పని మేం నమ్ముతున్నాం.

ఆ గీత చర్మం దగ్గర ఉంది. మోకాలి కీలు అరిగిపోతే ఆపరేషన్ చేసి లోపల పెట్టే లోహపు కీలుకు బీమా వర్తిస్తుంది. గుండెలో పెట్టే స్టెంటు, పేస్‌మేకర్, శుక్లం తీశాక కంట్లో అమర్చే లెన్సు కూడా అంతే, పరిమితులు ఉంటే ఉండొచ్చు. అదే చూపు కోసం బయట పెట్టుకునే కళ్లద్దాలకు వర్తించదు. పనికిరాని చెవికి అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌ను చూస్తే ఈ గీత ఎంత అసహజమో తెలుస్తుంది. అందులో ఒక భాగం పుర్రె ఎముక దగ్గర చర్మం కింద ఉంటుంది. మైకు, ప్రాసెసర్ ఉండే రెండో భాగం చెవి వెనుక, బయట ఉంటుంది. రెండో భాగం లేకపోతే లోపలిది ఒక్క శబ్దాన్నీ అందించలేదు. ఆపరేషన్‌తో పాటు వచ్చిన మొదటి ప్రాసెసర్ ఎలాగో బిల్లులో కలిసిపోవచ్చు. కొన్నేళ్లకు అది పాడైతే మాత్రం బాహ్య పరికరం అయిపోతుంది. చెవి అదే, రోగం అదే, యంత్రమూ అదే.

బీమా సంస్థలు ఎందుకు వెనకాడతాయో ముందు న్యాయంగా చెప్పాలి. ఆరోగ్య పాలసీ చాలా చోట్ల ఆస్పత్రి ఖర్చు చుట్టూ పుట్టింది. హఠాత్తుగా, అరుదుగా వచ్చే పెద్ద ఖర్చును అందరూ కలిసి పంచుకోవడం దాని సూత్రం. వయసుతో వచ్చే వినికిడి లోపం హఠాత్తుగా వచ్చేదీ కాదు, అరుదైనదీ కాదు. చెవి మందగించిందని తెలిశాకే పాలసీ తీసుకునేవారు ఎక్కువైతే అందరి ప్రీమియం పెరుగుతుంది. పరికరం ఒక్కసారి కొంటే సరిపోదు, కొన్నేళ్లకోసారి మార్చాలి. ఆపరేషన్‌ను ఎవరూ సరదాకు చేయించుకోరు గానీ, ఒకే అవసరానికి సాదా పరికరమూ ఉంటుంది, చాలా ఖరీదైనదీ ఉంటుంది. కొన్న పరికరాన్ని ఇంకొకరికి అమ్మేయొచ్చు, వాడకుండా సొరుగులో పడేయొచ్చు. ఆస్పత్రిలో ఏం జరిగిందో కేస్ షీటు చూస్తే తెలుస్తుంది, ఇంట్లో ఏం జరుగుతోందో బీమా సంస్థకు తెలియదు. ఇవేవీ కొట్టిపారేయాల్సిన మాటలు కావు. కానీ అన్ని పరికరాలకూ ఒకే రకంగా వర్తించేవీ కావు.

కృత్రిమ కాలునే తీసుకోండి. కాలు తీయించుకుంటే కొత్త కాలు వస్తుందని పాలసీ కొనేవారెవరూ ఉండరు. తనకు తగిన కొలతతో చేసిన సాకెట్ ఇంకొకరికి సరిపోదు కాబట్టి అమ్ముకోవడమూ కుదరదు. అయినా క్లెయిమ్ ఎందుకు వీగిపోతుంది? మినహాయింపు వాక్యం ఒక కారణమైతే, రోజుల లెక్క ఇంకో కారణం.

ఆపరేషన్ అయ్యాక గాయం మానడానికి వారాలు పడుతుంది. షుగర్ ఉన్నవారికి ఇంకా ఆలస్యమవుతుంది. స్టంప్ అని పిలిచే ఆ మిగిలిన కాలికి మొదట్లో బాగా వాపు ఉంటుంది. వాపు తగ్గి కాలు సరైన ఆకారానికి రావడానికి బిగుతైన కట్టో, సాగే తొడుగో వేస్తారు. ఆ తర్వాతే అచ్చు తీసి, మొదటి సాకెట్ చేస్తారు. స్టంప్‌ను పట్టుకుని ఉండే గిన్నె లాంటి భాగమే సాకెట్. దాని కింద ఒక గొట్టం, ఆ చివర పాదం ఉంటాయి. కాలు తొడుక్కుని నడక మొదలుపెట్టాక స్టంప్ ఇంకా కుంచించుకుపోతుంది. మొన్న సరిపోయిన సాకెట్ ఇవాళ వదులవుతుంది. ముందు మేజోళ్లు ఒకటి మీద ఒకటి వేసి సర్దుకుంటారు. అవి ఎక్కువైపోయి కాలు లోపల జారుతుంటే, చర్మం ఎర్రబడి పుండు పడే సూచన కనిపిస్తే, సాకెట్ మార్చాలి. స్టంప్ పరిమాణం కుదుటపడటానికి 6 నెలల నుంచి ఏడాది పట్టొచ్చు. అప్పుడు గానీ ఎక్కువ కాలం వాడుకునే కాలు చేయరు.

ఇప్పుడు పాలసీ గడియారం చూద్దాం. భారత్‌లో చాలా పాలసీలు డిశ్చార్జి తర్వాత 60 రోజుల వరకు, కొన్ని 90 రోజుల వరకు, అదే జబ్బుకు సంబంధించిన ఖర్చును ఇస్తాయి. కొన్ని పాలసీల్లో ఆస్పత్రి ఖర్చుల జాబితాలో పేస్‌మేకర్ పక్కనే కృత్రిమ అవయవం అన్న మాట కూడా కనిపిస్తుంది. ఆ మాట చూసి కుటుంబం ధైర్యంగా ఉంటుంది. తీరా బిల్లు పెట్టేసరికి, అది ఆస్పత్రిలో ఉండగా అయిన ఖర్చు కాదన్న జవాబు రావచ్చు. ఆస్పత్రిలో ఉండగా కాలు అమర్చడం చాలామందికి వైద్యపరంగానే సాధ్యం కాదు. వాపు మీద తీసిన అచ్చు పనికిరాదు. శరీరం మానడానికి తీసుకునే సమయానికీ, పాలసీ ఇచ్చే గడువుకూ పొంతన లేకపోవడం వల్లే ఆ మనిషి నష్టపోతున్నాడు. వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే, అవయవం కోల్పోయినందుకు ఒక నిర్ణీత మొత్తం వస్తుంది, దాంతో కాలు కొనుక్కోవచ్చు. కానీ అది ప్రమాదానికే, షుగర్ వల్ల కాలు పోయినవారికి అది వర్తించదు.

సీప్యాప్ మెషీన్ విషయంలో అభ్యంతరం వేరు. నిద్రలో గొంతు వెనుక భాగం మూసుకుపోయి ఊపిరి ఆగేవారికి, ముక్కుకు పెట్టిన మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి, దారి తెరిచి ఉంచే యంత్రం ఇది. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ బృందం 1981లో ఈ చికిత్సను ప్రకటించింది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోంది లేదా బాగా తగ్గుతోంది అన్నది నిద్ర పరీక్షలో లెక్కిస్తారు. పెద్దవారిలో గంటకు 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 లేదా అంతకు మించితే తీవ్రం. తీవ్రంగా ఉన్నవారిలో చాలామందికి మొదటి చికిత్స ఈ యంత్రమే. అంటే ఇది చికిత్సకు తోడుగా వాడే వస్తువు కాదు, అదే చికిత్స. ఇదే జబ్బుకు గొంతులో ఆపరేషన్ చేయించుకుంటే పాలసీ ఒప్పుకోవడానికి అవకాశం ఉంది. శ్వాస కుప్పకూలి ఐసీయూలో చేరితే, అక్కడ మాస్కుతో ఇలాగే గాలి అందించినందుకు అయ్యే ఖర్చూ బిల్లులో చెల్లుతుంది. ఆ పరిస్థితి రాకుండా ఇంట్లో వాడుకుంటానంటే చెల్లదు.

మాస్కు ఇబ్బందిగా ఉందని చాలామంది కొన్ని వారాలకే మానేస్తారన్నది నిజం. బీమా సంస్థల భయమూ అదే. కానీ మిగతా పరికరాలకు లేని ఒక సౌలభ్యం దీనికి ఉంది. ఇప్పటి యంత్రాలు రాత్రి ఎన్ని గంటలు వాడారో, మాస్కు నుంచి గాలి ఎంత లీకైందో, ఇంకా ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో నమోదు చేస్తాయి. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం నడిపే మెడికేర్ దీన్నే ఆధారం చేసుకుంది. ముందు 12 వారాలు ప్రయత్నంగా ఇస్తుంది. మొదటి 3 నెలల్లో ఏదో ఒక 30 రోజుల వ్యవధిలో, 70 శాతం రాత్రులు కనీసం 4 గంటలు వాడినట్టు రికార్డు ఉండాలి, డాక్టరు కూడా మెరుగుదల చూసి రాయాలి. అప్పుడు అద్దె కొనసాగుతుంది. 13 నెలలు అద్దె కట్టాక యంత్రం రోగిదవుతుంది. ఈ నియమం కొందరికి కఠినంగానే ఉంటుంది. జలుబు చేసి రెండు వారాలు మాస్కు పెట్టుకోలేనివారు ఇబ్బంది పడతారు. అయినా వాడరేమోనన్న అనుమానంతో అందరికీ తలుపు మూసేయడం కంటే ఇది ఎంతో మేలు.

వినికిడి యంత్రం విషయంలో మా వాదన అంత సులువు కాదని ఒప్పుకుంటున్నాం. అవసరం చాలామందికి ఉంది, ముందే ఊహించగలిగేది కూడా. 1965 నాటి మెడికేర్ చట్టమే వినికిడి యంత్రాలను మినహాయించింది. పూర్తి ఖర్చును ప్రైవేటు ఆస్పత్రి పాలసీ మోయాలనడం సరి కాదు. దీన్ని ప్రభుత్వ పథకాలే ఎత్తుకోవాలి. ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్య సేవ వీటిని వాడకానికి ఉచితంగా ఇస్తోంది. ఫ్రాన్స్‌లో 2021 నుంచి ఒక తరగతి యంత్రాల ధరకు పరిమితి పెట్టి, ప్రభుత్వ బీమా, అనుబంధ బీమా కలిసి పూర్తి ఖర్చు భరిస్తున్నాయి. ఖరీదైనదే కొంటారన్న భయానికి ధర పరిమితే జవాబు.

చక్రాల కుర్చీలో వాడేవారి కొలతే ముఖ్యం. సీటు మరీ వెడల్పైతే మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు, కుషన్ సరిపడకపోతే కూర్చునే ఎముకల దగ్గర పుండ్లు పడతాయి. వెన్నుపాము దెబ్బతిని స్పర్శ లేనివారికి ఆ పుండు ఎముక దాకా వెళ్లినా నొప్పే తెలియకపోవచ్చు. ఆ పుండుకు చేసే ఆపరేషన్‌కు బీమా ఉంది, దాన్ని ఆపగలిగే కుర్చీకి, కుషన్‌కు లేదు. భారత్‌లో నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రకటించిన, పాలసీ చెల్లించనవసరం లేని 68 వస్తువుల జాబితాలో బేబీ ఫుడ్, లాండ్రీ, టెలిఫోన్ ఛార్జీలతో పాటు నడక సాధనాలు, ఇంట్లో వాడే ఆక్సిజన్ సిలిండర్ కూడా ఉన్నాయి. ఊపిరికీ, నడకకూ సంబంధించిన వస్తువులు లాండ్రీ పక్కన ఉండాల్సినవి కావు.

అందుకే వస్తువు చర్మానికి ఏ వైపు ఉందన్నది వదిలేయాలి. పాలసీ ఒప్పుకున్న చికిత్స ఆ వస్తువు లేకుండా పూర్తవుతుందా లేదా అన్నదే నియంత్రణ సంస్థలు చూడాలి. క్లెయిమ్ చెల్లించిన ఆపరేషన్‌లో అవయవం తీసేస్తే, మొదటి సాకెట్, ఏడాదిలోపు మార్చే సాకెట్ అదే క్లెయిమ్‌లో భాగం కావాలి. వాటి గడువును డిశ్చార్జి తేదీ నుంచి కాకుండా, స్టంప్ సిద్ధమైందని డాక్టరు రాసిన రోజు నుంచి లెక్కించాలి. తీవ్రమైన నిద్ర శ్వాస జబ్బుకు వాడకం రికార్డు ఆధారంగా యంత్రం అద్దె ఇవ్వాలి. మాస్కు, గొట్టం అరిగిపోతాయి కాబట్టి వాటిని మార్చే ఖర్చూ అందులో ఉండాలి. సాదా పరికరం ధర దాకా బీమా ఇచ్చి, అంతకంటే ఖరీదైనది కోరుకుంటే తేడా రోగి పెట్టుకునేలా చేయొచ్చు. ప్రీమియం కొంత పెరుగుతుంది, ఆ మాట దాచనక్కర్లేదు. ఈలోగా మినహాయింపును పాలసీ పత్రం చివరి పేజీల్లో ‘బాహ్య పరికరాలు’ అన్న రెండు మాటల్లో దాచకుండా, కృత్రిమ కాలు, సీప్యాప్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం అని పేర్లు పెట్టి మొదటి పేజీలోనే రాయాలి. కాలు తీసేముందు సంతకం పెట్టే కుటుంబానికి, ఆ తర్వాతి ఖర్చు ఎవరిదో ఆ రోజే తెలియాలి.