పన్నెండేళ్ల ప్రీమియంకి గుండు సున్నా

పొద్దున ఆఫీసులో అకౌంట్స్ కుర్రాడు నా ఫైలు చూసి నవ్వాడు. ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపుల కోసం ఏటా జనవరిలో ఇచ్చే ఫైలే అది. బ్యాంకు ఇచ్చిన హోమ్ లోన్ వడ్డీ సర్టిఫికెట్, బీమా ప్రీమియం రసీదులు, హెల్త్ పాలసీ, అమ్మాయి స్కూలు ఫీజు రసీదు. అన్నిటికీ జిరాక్సులు తీసి, సంతకాలు పెట్టి, ట్యాగు కట్టి మరీ ఇచ్చా. వాడు పేజీలు తిప్పి, "ఇంత కష్టపడి ఓల్డ్ రెజీమ్ ఎందుకు పెట్టుకున్నారు సార్? మీకు న్యూ రెజీమే తక్కువ పడుతుంది కదా" అన్నాడు.

వాడి వయసు ఇరవై నాలుగు. నేను ట్యాక్స్ కట్టడం మొదలుపెట్టినప్పుడు వాడు ఎక్కాలు నేర్చుకుంటున్నాడు.

హోమ్ లోన్ ఉంది, పాలసీలు ఉన్నాయి, కాబట్టి పాతదే లాభం. ఎక్కడ విన్నా ఇదే మాట కదా? కాలనీలో అదే, టీ బంకు దగ్గర అదే. ఏప్రిల్‌లో కంపెనీ అడిగినప్పుడు నేనూ కళ్లు మూసుకుని పాతదానికి టిక్కు పెట్టా. వాడు రెండు నిమిషాల్లో ఎక్సెల్‌లో లెక్క వేసి కంప్యూటర్ నా వైపు తిప్పాడు.

నా జీతం ఏడాదికి 13,50,000. పాత పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వృత్తి పన్ను 2,400, పీఎఫ్, బీమా లాంటివాటికిచ్చే 80సి మినహాయింపు కింద లక్షన్నర, ఇంటి వడ్డీ 2 లక్షలు, హెల్త్ పాలసీకి 25,000 తీసేస్తే 9,22,600 మిగులుతుంది. దాని మీద సెస్సుతో కలిపి పన్ను దాదాపు 1,00,900. కొత్తదాంట్లో ఈ రసీదులేవీ అక్కర్లేదు. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసి, మిగిలిన 12,75,000 మీద లెక్క వేస్తే 74,100. అంటే ఆ ఫైలు మోసినందుకు నాకు పడిన జరిమానా 26,800 రూపాయలు. కొండ మీద కల్యాణకట్టలో గుండు ఉచితం. కొండ కింద నేను డబ్బిచ్చి కొట్టించుకున్నా.

ఇప్పుడైనా మార్చవయ్యా అంటే, "ఈ ఏడాదికి సిస్టమ్ లాక్ అయిపోయింది సార్, రిటర్న్ వేసేటప్పుడు కొత్తది ఎంచుకోండి, రీఫండ్ వస్తుంది" అన్నాడు. జీతగాళ్లకి ఆ వెసులుబాటు ఉంది, కాదనను. ఏటా మార్చుకోవచ్చు. కంపెనీకి చెప్పింది నెలనెలా కోతకే, అసలు నిర్ణయం రిటర్న్‌లోనే. కానీ గడువు దాటిందా, ఇక కొత్తదే గతి, పాతది అడగడానికి కూడా ఉండదు. అది సరే, నెలనెలా నా జీతంలోంచి పోయిన రెండు వేల చిల్లర సంగతేంటి? ఆ డబ్బుంటే మా ఇంటి గీజరు మార్చేవాణ్ణి. మా ఆవిడ దసరా నుంచి అడుగుతోంది.

అసలు ఈ ప్రభుత్వాలకి ఒక మాట మీద నిలబడడం తెలుసా? గంగ జాతరలో మనవాళ్లు రోజుకో వేషం కడతారు, దానికో మొక్కుంది, అర్థముంది. 2020లో కొత్త రెజీమ్ తెచ్చారు. 2023లో స్లాబులు మార్చి, మనం నోరు తెరిచి అడగకపోతే ఇదే అన్నారు. 2024లో మళ్లీ మార్చారు, 2025లో మళ్లీ మార్చారు. పాతదాన్ని మాత్రం ముట్టుకోరు. 80సి లక్షన్నర, ఇంటి వడ్డీ 2 లక్షలు, రెండూ 2014లో పెట్టినవే. 2014లో తిరుచానూరు రోడ్డులో ఫ్లాటు ధర ఎంత, ఇప్పుడెంత? రద్దు చేశామని చెప్పరు, నీళ్లు పోయడం మానేస్తారు. చెట్టు దానంతటదే ఎండిపోతుంది.

ఇక చుట్టాలు. "పన్నెండు లక్షల దాకా పన్ను లేదంట కదా, నీకు పండగే!" పండగే మరి. స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12,75,000 దాకా జీతమున్నోడికి సున్నా. నాది దానికంటే 75,000 ఎక్కువ. ఆ గీత దాటినందుకు, ఆ 75,000కి నాకు పడేది 74,100. ఇంక్రిమెంట్ వచ్చిందని పోయినేడు ఆఫీసులో లడ్డూలు పంచా. చేతికి మిగిలే తొమ్మిది వందలు ఆ లడ్డూలకి కూడా చాలవు.

దీనికీ ఒక దారి ఉందని ఆ కుర్రాడే చెప్పాడు. జీతంలో ఆ 75,000ని కంపెనీ తన వాటాగా నా పెన్షన్ ఖాతా ఎన్‌పీఎస్‌లో వేస్తే, కొత్త రెజీమ్‌లో కూడా బేసిక్‌లో 14 శాతం దాకా మినహాయింపు ఉందంట. అప్పుడు లెక్క సరిగ్గా 12 లక్షలకి దిగి పన్ను సున్నా అవుతుంది. డబ్బు ఏళ్ల తరబడి ఇరుక్కుంటుంది, నిజమే, కానీ నా పేరు మీదే ఇరుక్కుంటుంది కదా. హెచ్ఆర్‌ని అడిగితే "మన పాలసీలో లేదు సార్" అన్నారు. పాలసీ!

ఆ మాట వింటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది, ఎందుకంటే అసలు దెబ్బ అక్కడే ఉంది. కుర్రాడు నవ్వింది రెజీమ్ చూసి మాత్రమే కాదు, నా బీమా రసీదులు చూసి. "ఇవి ఓల్డ్‌లో కూడా మీకు పనికిరావు సార్" అన్నాడు. ఎందుకంటే జీతంలో కోసే పీఎఫ్ 81,000, ఇంటి లోన్‌లో అసలు కింద పోయేది 72,000. ఆ రెండూ 80సిలోకే వస్తాయి. కలిపితే 1,53,000. లక్షన్నర గిన్నె ఎప్పుడో నిండి పొర్లిపోయింది. నా మూడు పాలసీల ప్రీమియం 48,000, అమ్మాయి ఫీజు, అంతా గిన్నె బయట పోసినట్టే. 2022లో లోన్ తీసుకునేదాకా ఏదో కొంత పనికొచ్చుంటుంది. ఆ తర్వాత ఒక్క రూపాయి పన్ను తగ్గలేదు.

ఈ పాలసీలు అంటగట్టింది ఎవరనుకున్నారు? మా బావ. ఏజెంటు. 2014 నుంచి ఏటా మార్చి రాగానే క్యాలెండరు, డైరీ పట్టుకుని దిగుతాడు. "ట్యాక్స్ సేవింగ్ రా బామ్మర్దీ, గవర్నమెంటుకి కట్టే బదులు నీకు నువ్వే కట్టుకుంటున్నావ్." పన్నెండేళ్లలో 5,76,000 కట్టా. నేను పోతే ఇంటికొచ్చేది ఎంతో తెలుసా? మూడూ కలిపి పది లక్షలు కూడా లేదు. లోన్ బాకీలో సగానికి కూడా చాలదు! బీమా అని కొన్నది బీమా కాదు, పన్ను తగ్గుతుందని కొన్నది తగ్గించలేదు. ఆయన కమీషన్ మాత్రం ఎన్నడూ ఆగలేదు.

పాత రెజీమ్ ఎవరికీ పనికిరాదని నేను అనను. మా ఆఫీసులోనే నాతో సమానం జీతమున్న ఒకాయనకి చిత్తూరులో లోన్ ఇల్లుంది, అమ్మానాన్నలు అందులో ఉంటారు. ఆయన తిరుపతిలో 15,000 అద్దె కడతాడు. ఆయనకి ఇంటి వడ్డీ, అద్దెకిచ్చే హెచ్ఆర్ఏ మినహాయింపు రెండూ వస్తాయి, పెద్దవాళ్ల హెల్త్ పాలసీకి ఇంకో 50,000. మా జీతానికి స్టాండర్డ్ డిడక్షన్ కాక ఐదు లక్షల పైన మినహాయింపులుంటేనే పాతది గెలుస్తుంది. ఆయనవి 5,40,000 దాకా తేలాయి, ఏడు వేలు మిగులు. నావి 3,77,400. సొంతింట్లో ఉంటున్నా కాబట్టి నాకు హెచ్ఆర్ఏ సున్నా. అయితే ఆయన ఇంటి ఓనరు పాన్ నంబరు ఇవ్వనంటున్నాడు, ఏడాది అద్దె లక్ష దాటితే అది ఇవ్వాలి. ఆయన గొడవ ఆయనది.

ఇది రాస్తుంటేనే బావ ఫోన్. ఆదివారం వస్తాడంట, కొత్త ప్లాను ఏదో వచ్చిందంట. రమ్మన్నా. ఆ ఎక్సెల్ షీటు రెండు కాపీలు ప్రింటు తీసి పెట్టా, ఒకటి ఆయనకి, ఒకటి మా అక్కకి.