ముందు రాలిపోయేది షరతే

"ఏఐతో చేసిన పాత చాట్ సారాంశాన్నే కొత్త చాట్‌లో పేస్ట్ చేస్తున్నా, మూడోసారికే అర్థం ఎందుకు మారిపోతోంది?"

సారాంశం తీసినప్పుడు ముందు రాలిపోయేవి షరతులేనండి. నా ప్రాజెక్టు డేటాబేస్‌లో వెతుకులాటను వేగం చేసే ఇండెక్స్ కావాలా అని అడిగితే ఏఐ ఇచ్చిన మొదటి జవాబు ఇది: "రికార్డులు 10,000 దాటకపోతే ఇండెక్స్ లేకున్నా బహుశా సరిపోతుంది." మొదటి సారాంశంలో "బహుశా" పోయింది. రెండోదానిలో 10,000 మాట పోయింది. మూడోదానిలో "ఇండెక్స్ వద్దని నిర్ణయించాం" అని తేలింది. ఆ నిర్ణయం ఎవరూ తీసుకోలేదు! చూసి నిజంగా భయమేసింది. కొత్త చాట్‌కు సాధారణంగా అసలు సంభాషణ మొత్తం కనిపించదు, పేస్ట్ చేసిన వాక్యమే దానికి ఆధారం. అందుకే అనుమానించకుండా దానిమీదే కట్టుకుంటూ పోతుంది. సారాంశానికి మళ్లీ సారాంశం తీయకండి. ప్రతిసారీ అసలు జవాబు నుంచే తీయండి. అంకెలు, "అయితే", "తప్ప" ఉన్న వాక్యాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే పేస్ట్ చేయండి.