పన్నెండు మంది, పద్నాలుగు రోజులు

మా కంపెనీలో ఉన్నది అయిదుగురం, అయిదుగురమూ తెలుగువాళ్ళమే. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఇంటి పైఅంతస్తు మా ఆఫీసు. చేస్తున్నది నీటి ట్యాంకర్ల లెక్క రాసే యాప్. ఈ ఊళ్ళో మార్చి వచ్చిందంటే అపార్ట్‌మెంట్ గేట్ల ముందు ట్యాంకర్లు బారులు తీరతాయి. ఎన్ని వచ్చాయని అడిగితే వాచ్‌మన్ నోటుపుస్తకం ఒకటి చెబుతుంది, ట్యాంకర్ యజమాని బిల్లు మరొకటి చెబుతుంది. వాచ్‌మన్ ఫోటో తీస్తే చాలు, నెలాఖరుకు లెక్క దానంతటదే తేలిపోవాలన్నది మా ఆశయం.

ఎండలు ముదరకముందే బయటికి రావాలి కాబట్టి మా సీనియర్ (ఈ కంపెనీకి పెట్టుబడీ ఆయనదే, రక్తపోటూ ఆయనదే) 2025 ఉగాదికి ముహూర్తం పెట్టేశారు. అంటే మార్చి 30. అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టి రోడ్‌మ్యాప్ గీయడం నా పని. జనవరి 6 నుంచి సరిగ్గా పన్నెండు వారాలున్నాయి. ఎనిమిది వారాలు తయారీ, మూడు వారాలు టెస్టింగ్, చివరి వారం విడుదల ఏర్పాట్లు. రంగులు వేసి గోడకు అంటిస్తే ముగ్గులా ఉంది.

మా టెస్టర్ దాన్ని కాసేపు చూసి, "ఇందులో సంక్రాంతి ఏది?" అని అడిగింది.

ఉగాదిని ఎర్ర సిరాతో రాసిన నేను, వారంలో రాబోయే సంక్రాంతిని మరిచిపోయాను. అయిదుగురమూ ఊళ్ళకు వెళ్ళి వచ్చేసరికి ఒక వారం గాలిపటంతో పాటు ఎగిరిపోయింది.

రెండో దెబ్బ సెల్లారులో తగిలింది. చాలా అపార్ట్‌మెంట్లలో నీటి సంపు ఉండేది అక్కడే, అక్కడ సిగ్నల్ ఉండదు. కాబట్టి ఫోటోను ఫోన్లోనే దాచి, సిగ్నల్ వచ్చాక పంపాలి. దీనికి నేను నాలుగు రోజులు రాశాను. పట్టింది పదమూడు. చిక్కు ఎక్కడంటే, ఫోటో సర్వర్‌కు చేరుతుంది, కానీ "అందింది" అనే జవాబు తిరిగి వచ్చేలోపు సిగ్నల్ పోతుంది. పాపం, యాప్ అది చేరలేదనుకుని మళ్ళీ పంపుతుంది. వచ్చింది ఒక ట్యాంకర్, లెక్కలో రెండు. ఈ పని ట్యాంకర్ యజమానులు మా సాయం లేకుండానే చక్కగా చేసుకుంటున్నారు. చివరికి ప్రతి ఫోటోకూ ఫోన్లోనే ఒక విడి నంబరు ఇచ్చి, అదే నంబరు రెండోసారి వస్తే సర్వర్ పక్కన పెట్టేలా మార్చాం. చెప్పడానికి రెండు వాక్యాలు, చేయడానికి అప్పటిదాకా రాసిన సగం కోడు విప్పి కుట్టాల్సి వచ్చింది.

ఆలస్యమైతే అయింది, ఆ రోజులు ఎక్కడినుంచి తేవాలి? ఉగాది కదలదు. ఉమ్మడి కుటుంబంలో అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది చిన్నకోడలికి పెట్టినట్టు, మూడు వారాల టెస్టింగ్‌కు చివరికి మిగిలింది ఒక వారం. మా టెస్టర్ ఏమీ అనలేదు. గోడమీది ముగ్గుకు ఫోన్‌తో ఒక ఫోటో తీసి దాచుకుంది. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

మార్చి 20న విడుదలకు సిద్ధం చేద్దామని గూగుల్ ప్లే ఖాతాలోకి వెళ్తే ఒక నియమం అడ్డొచ్చింది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు చేరి ఉండాలి. అంతకుముందు 20 మంది అనేవారు, 2024 డిసెంబరులో తగ్గించారు. ఆ తర్వాత అనుమతికి అర్జీ పెట్టుకుంటే పరిశీలనకు ఇంకొన్ని రోజులు. కంపెనీ పేరుతో ఖాతా ఉంటే ఈ నియమం వర్తించదు. కానీ దానికి డన్స్ నంబరని తొమ్మిదంకెలది ఒకటి కావాలి. నవంబరులో మా సీనియర్ "ఆ నంబరు వచ్చేదాకా ఎవరు ఆగుతారు?" అని సొంత పేరుతోనే ఖాతా తెరిచేశారు. అప్పుడు ఆగనందుకు ఇప్పుడు ఆగాలి.

"ఇంకో ఇద్దరిని పనిలోకి తీసుకుంటే తొందరగా అవుతుందా?" అని అడిగారు ఆయన.

ఆవకాయ కలపడానికి ఎంతమందినైనా పిలవవచ్చు, మూడో రోజు తిరగకలిపేది మాత్రం మూడో రోజే. నా రోడ్‌మ్యాప్‌లో కలిపేవాళ్ళ రోజులన్నీ ఉన్నాయి, ఊరే రోజులకు గడే లేదు.

ఆ సాయంత్రం టెస్టర్ల వేట మొదలైంది. ఆఫీసులో ఇద్దరివి ఐఫోన్లు, పనికిరావు. ఇంటి యజమాని, ఎదురుగా ఇడ్లీలమ్మే ఆయన, మేము యాప్ చూపించే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, గుంటూరులో మా అమ్మ, తెనాలిలో బాబాయి, ఇలా పోగు చేస్తే మార్చి 21కి సరిగ్గా పన్నెండు మంది తేలారు. ఇంకో ముగ్గురిని ఎక్కువ పెట్టుకుందామని టెస్టర్ అంది. పన్నెండు చాలన్నాను నేను. ఈ మాట ఎక్కడా రాసి లేదు కాబట్టి ఒప్పుకుంటున్నాను.

నాలుగో రోజున లెక్క పదకొండుకు పడింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తే బాబాయి దగ్గర తేలింది.

"చేరిన పేజీలో Leave the program అని ఉంటే నొక్కానురా. ప్రోగ్రాం అయిపోయింది, ఇక బయల్దేరవచ్చు అంటున్నాడనుకున్నాను."

సభ ముగిశాక కుర్చీ వదలని మనిషి కాదు మా బాబాయి. ఆయన స్థానంలో మార్చి 25న కొత్త మనిషిని చేర్చాం, ఆ మనిషి పద్నాలుగు రోజులు మళ్ళీ ఒకటినుంచి మొదలు. పదిహేను మంది ఉండి ఉంటే ఈ నాలుగు రోజులు పోయేవి కావు.

ఖాళీగా కూర్చోవడం ఎందుకని మా టెస్టర్ వాచ్‌మన్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయన పదకొండు ట్యాంకర్లకు ఫోటోలు తీశాడు, మార్చి లెక్కలో మాత్రం సున్నా. చూస్తే ఆయన ఫోన్లో తేదీ ఒక నెల వెనక నడుస్తోంది. సిగ్నల్ లేనప్పుడు సమయం ఫోన్ గడియారం నుంచే తీసుకుంటాం కదా, పదకొండు ట్యాంకర్లూ ఫిబ్రవరిలోకి వెళ్ళి నీళ్ళు పోసి వచ్చాయి. ఫోటో పంపేటప్పుడు ఫోన్ గడియారానికీ సర్వర్ గడియారానికీ తేడా చూసి, ఆ మేరకు సమయం సరిచేసేలా రాశాం. ఆ అమ్మాయి తన ఫోన్లోని ముగ్గు ఫోటో తీసి నాకు చూపించి, మళ్ళీ లోపల పెట్టేసుకుంది.

ఉగాది నాడు మామిడి తోరణాలు కట్టుకుంటూ ఉండగా ఫోన్లు మొదలయ్యాయి. "ఉగాది నుంచి మీ ఫోన్లో!" అని అయిదువందల కరపత్రాలు అచ్చువేయించి అపార్ట్‌మెంట్ల లిఫ్టుల్లో అంటించిన సంగతి అందరమూ మరిచిపోయాం. స్కాన్ చేసిన ప్రతివారికీ `We're sorry, the requested URL was not found on this server.` అని వస్తోంది.

మా సీనియర్ ఉగాది పచ్చడి గిన్నెతో అటూ ఇటూ పచార్లు చేసి, వేపపువ్వు నమిలి, "మనం ఏ ఉగాదో చెప్పలేదు కదా?" అన్నారు. ఏప్రిల్ 14న సౌరమాన ఉగాది ఉంది. తమిళులకు సంవత్సరాది, మలయాళీలకు విషు. పద్నాలుగు రోజులు ఏప్రిల్ 8కి పూర్తవుతాయి, పరిశీలన త్వరగా అయితే అందవచ్చు.

నల్ల మార్కర్ పట్టుకుని లిఫ్టు లిఫ్టుకూ తిరిగి, ప్రతి కరపత్రం మీదా "ఉగాది" ముందు "సౌరమాన" అని ఇరికించాను. మదనపల్లె నుంచి వచ్చిన మా వాచ్‌మన్ టెస్టర్ తలుపు మూసుకోకుండా లిఫ్టు పట్టుకుని, నేను రాసేదంతా ఓపికగా చదివాడు.

"సంవత్సరం పేరు కూడా వేయండి సార్, విశ్వావసు అని. లేకపోతే వచ్చే ఏడాది అనుకుంటారు."