దెయ్యాల పేర్లు దొరికాయి, సరే. ఆ తర్వాత?

నవ్యచారిత్రక విమర్శ, అంటే సాహిత్యాన్ని అదే కాలపు ఇతర రాతల పక్కన పెట్టి చదివే పద్ధతి, అని పేరు పెట్టుకుని వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒక నవల తీసుకుంటారు, పక్కన అదే కాలపు ప్రభుత్వ నివేదికో కోర్టు తీర్పో పెడతారు. నివేదికలోంచి నాలుగు వాక్యాలు ఎత్తి రాసి, "అప్పటి పరిస్థితి ఇదీ, నవలలోనూ అదే కనిపిస్తోంది" అని చేతులు దులిపేసుకుంటారు. ఇది పాత నేపథ్య విమర్శే కదండీ! ఇందులో నివేదిక సత్యం, నవల దానికి సాక్ష్యం. నివేదికను కూడా ఎవరో ఒకరు, ఏదో ఒక అవసరం కోసం, ఒక పద్ధతిలో రాశారన్న ఊసే ఉండదు.

అసలు పని ఎలా ఉంటుందో చూడాలంటే ఈ విమర్శకు ఆద్యుడైన స్టీఫెన్ గ్రీన్‌బ్లాట్ 1980లలో షేక్‌స్పియర్ "కింగ్ లియర్" మీద చేసిన పఠనం దగ్గరికి వెళ్లాలి. ఆ నాటకంలో ఎడ్గర్ ప్రాణభయంతో పిచ్చి బిచ్చగాడి వేషం వేసి, తనకు దెయ్యాలు పట్టాయని కేకలు పెడుతుంటాడు. ఆ దెయ్యాలకు ఫ్లిబర్టిజిబెట్, స్మల్కిన్, మోడో, మహూ అని చిత్రమైన పేర్లున్నాయి. ఈ పేర్లు 1603లో శామ్యూల్ హార్స్‌నెట్ అచ్చువేసిన ఒక పుస్తకంలోవి. ప్రొటెస్టెంట్ ఇంగ్లండ్‌లో దొంగచాటుగా తిరిగే క్యాథలిక్ పూజారులు దెయ్యాలు వదిలిస్తామంటూ జనాన్ని మోసం చేశారని తిట్టిపోసే పుస్తకం అది. ఈ సంగతి 1733లోనే షేక్‌స్పియర్ నాటకాల సంపాదకుడు థియోబాల్డ్ పట్టుకున్నాడు. అంటే షేక్‌స్పియర్ ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడు అన్న ప్రశ్నకు జవాబు దొరికి అప్పటికే రెండు వందల ఏళ్లు దాటింది. గ్రీన్‌బ్లాట్ అడిగిన ప్రశ్న వేరు: ఈ రెండు రాతల మధ్య బేరం ఏమిటి? ఏది ఇటు నుంచి అటు వెళ్లింది, వెళ్లాక ఏమైంది?

దానికి ముందు హార్స్‌నెట్ పుస్తకాన్ని కూడా నాటకమంత శ్రద్ధగా చదవాలి. మనవాళ్లు ఎగ్గొట్టేది సరిగ్గా ఈ మెట్టే. హార్స్‌నెట్ ఎవరు? లండన్ బిషప్ బాన్‌క్రాఫ్ట్ దగ్గర పనిచేసే మతాధికారి. అంతకు ముందు, 1599లో, దెయ్యాలు వదిలించే ఒక ప్యూరిటన్ బోధకుడి మీద, అంటే తీవ్ర ప్రొటెస్టెంట్ వర్గపు మనిషి మీద కూడా ఇలాంటి పుస్తకమే రాశాడు. కాబట్టి అతనికి దెబ్బ కొట్టాల్సినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. అతను చెబుతున్న ఘటనలు 1585, 86లలో డెన్‌హమ్‌లోని ఒక పెద్దింట్లో జరిగాయి. పుస్తకం చివర సాక్షుల వాంగ్మూలాలు చేర్చాడు. అవి తీసుకున్నది 1598, 1602లలో. అప్పటి పడుచు పనిమనిషి సారా విలియమ్స్ పదహారేళ్ల తర్వాత, 1602లో, అధికారుల ముందు నిలబడి, తనను కుర్చీకి కట్టేశారని, బలవంతంగా ఏవేవో తాగించారని, ముక్కు కింద గంధకం పొగ పెట్టారని చెబుతోంది. అదీ తన నోటితో "నేను" అని కాదు, గుమాస్తా కలంలోంచి "ఆమె చెప్పినదేమనగా" అని. అప్పుడు పూజారులు కోరినట్టు మాట్లాడిన మనిషి ఇప్పుడు బిషప్ మనుషులు కోరినట్టు మాట్లాడటం లేదని ఎలా చెప్పగలం? ఈ అనుమానం రాకుండా వాంగ్మూలాన్ని "వాస్తవం" అనేస్తే, హార్స్‌నెట్ ఎటు చూడమంటే అటు చూసినట్టే.

ఇంకో సంగతి. హార్స్‌నెట్ ఈ తంతును తిట్టడానికి వాడే మాటలన్నీ రంగస్థలానివే. పూజారులు నటులు, రోగులు నటులు, జరిగింది నాటకం. తిట్టు బాగానే పేలింది. కానీ ఆ మాటను నిజంగానే నాటకాలాడి బతికేవాళ్లు చదివితే ఏం చేస్తారు? గ్రీన్‌బ్లాట్ పఠనం లేచి నిలబడేది ఇక్కడే. ఎడ్గర్ దెయ్యాలు బూటకమని ప్రేక్షకులకు మొదటినుంచీ తెలుసు. ఆ మేరకు నాటకం హార్స్‌నెట్‌తో ఏకీభవిస్తోంది. కానీ చర్చి ఖాళీ చేసి పారేసిన తంతును నాటకశాల ఏరుకుని, అది నిజం కాదని తెలిసినా జనం కదిలిపోయేట్టు వాడుకుంటోంది.

నన్నడిగితే దీనికి గట్టి ఆధారం తుఫాను దృశ్యాల్లో కంటే డోవర్ దృశ్యంలో ఉంది. కళ్లు పోయిన గ్లోస్టర్ కొండ మీంచి దూకి చావాలనుకుంటాడు. కొడుకు ఎడ్గర్ చదునైన నేల మీదే అతణ్ణి నిలబెట్టి కొండ అంచని నమ్మిస్తాడు. అతను ముందుకు పడ్డాక, మరో మనిషిలా గొంతు మార్చి, పైన నీ పక్కన ఉన్నది కొమ్ముల దెయ్యం, నువ్వు బతకడం అద్భుతం అంటాడు. చూశారా, దెయ్యం, అద్భుతం, మోసం, మూడూ డెన్‌హమ్ సరుకే. హార్స్‌నెట్ లెక్కలో ఈ మోసం మనుషుల్ని పాడుచేస్తుంది. ఇక్కడ అదే మోసం ఒక మనిషిని చావాలన్న కోరిక నుంచి కొంతకాలమైనా లాగుతోంది. ఈ తేడా చూపలేకపోతే పుస్తకాన్ని పక్కన పెట్టి లాభం లేదు.

దీన్ని పరీక్షించే పద్ధతి కూడా ఉంది, సులువైనదే. "ఆ కాలంలో ఇలాంటి భావం ఉండేది" అనే పోలిక ఎవరైనా ఎక్కడైనా తేగలరు. మాట మాటకూ తగిలే చోటు చూపించండి. నాలుగో అంకంలో ఎడ్గర్ తనలో ఉన్న అయిదు దెయ్యాల పేర్లు చెప్పి, చివరిది ఇప్పుడు పరిచారికల్ని పట్టుకుని ఉందని అంటాడు. డెన్‌హమ్‌లో తంతు జరిగిన ఆడపిల్లల్లో సారా, ఆమె అక్క ఆ ఇంట్లో పనిమనుషులు. అంత దగ్గరగా తగిలింది! అయితే ఈ వాక్యాలు 1608లో విడిగా అచ్చైన చిన్న ప్రతి క్వార్టోలో మాత్రమే ఉన్నాయి, 1623లో నాటకాలన్నీ కలిపి అచ్చువేసిన పెద్ద సంపుటి ఫోలియోలో లేవు. ఏ ప్రతి నుంచి తీసుకున్నారో రాయకుండా ఈ వాక్యం మీద పెద్ద వాదం కట్టేవాళ్లున్నారు. రెండు ప్రతుల్నీ కలిపి అచ్చువేసిన సంపుటి చేతిలో ఉంటే ఈ తేడా కంటికే ఆనదు. కాబట్టి వాదం మొదలెట్టే ముందు ఏ ప్రతి ఏ ఏటిదో చూసుకోవాలి. హార్స్‌నెట్ పుస్తకం 1603, నాటకం రాజాస్థానంలో ఆడింది 1606 డిసెంబర్ 26న, కాబట్టి వరుస సరిపోయింది. ఏళ్లు తిరగబడితే ప్రభావం అన్న మాటే ఎత్తకూడదు.

ఇంకో పత్రం కూడా ఉంది. 1610 ప్రాంతంలో యార్క్‌షైర్‌లో క్యాథలిక్ నటుల బృందం ఒక క్యాథలిక్ దొర ఇంట్లో నాటకాలాడినందుకు కేసయింది. ఆ విచారణ కాగితాల్లో ఆడిన నాటకాల పేర్లలో లియర్ కూడా ఉంది. హార్స్‌నెట్ తిట్టిన జనమే, హార్స్‌నెట్ మాటలున్న నాటకాన్ని ముచ్చటపడి ఆడించుకున్నారన్న మాట. చదివినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కానీ ఆగండి. లియర్ రాజు మీద మరో పాత నాటకం 1605లో అచ్చైంది. యార్క్‌షైర్‌లో ఆడినది ఏదో ఆ ఒక్క పేరును బట్టి తేలదు. అదే జాబితాలో షేక్‌స్పియర్ పేరున్న మరో నాటకం పెరిక్లీజ్ కూడా ఉంది కాబట్టి షేక్‌స్పియర్‌దే అయ్యుంటుందని మొగ్గు. మొగ్గును మొగ్గు అనే రాయాలి, రుజువు అని రాయకూడదు.

గ్రీన్‌బ్లాట్ పద్ధతిని నేను వెనకేసుకురావడం లేదు. ఆయన బృందం మీద ఉన్న పాత ఫిర్యాదు సరైనదే: ఒక వింత ఘటనతో వ్యాసం మొదలెట్టి, ఆ ఒక్కదాన్నీ మొత్తం కాలానికి ప్రతినిధిగా నిలబెట్టేస్తారు. డెన్‌హమ్ ఒక ఇల్లు, అంతే. ఆ ఇల్లు ఇంగ్లండ్ అంతా కాదు. 1604 చర్చి నిబంధనల్లో బిషప్ అనుమతి లేకుండా దెయ్యాలు వదిలించకూడదని రాసుకున్నారు కాబట్టి గొడవ ఆ ఇంటిని దాటిందని చెప్పొచ్చు, అక్కడిదాకా చెప్పొచ్చు. సారా విలియమ్స్ ఏమనుకుందో మాత్రం ఆ కాగితాల్లో లేదు. పూజారులు ఆమె నోట పలికించిందీ, గుమాస్తా రాసుకుందీ ఉన్నాయి.