సవరణ: 30 నానోమీటర్ల పోగు గురించి

కణంలో డీఎన్ఏ ఎలా చుట్టుకుంటుందో చూపిస్తూ నేను వేసిన బొమ్మపై వచ్చిన ప్రశ్న ఇది: "డీఎన్ఏ, న్యూక్లియోసోమ్, ఆ పైన 30 నానోమీటర్ల పోగు, చివరికి క్రోమోజోమ్ అని మెట్లుగా బొమ్మ వేశారు. ఆ 30 మెట్టు మన కణాల్లో నిజంగా ఉందా?"

మొదటి మెట్టు గట్టిదే. హిస్టోన్లు అనే ఎనిమిది ప్రోటీన్ల ముద్ద చుట్టూ 147 బేస్ జతల డీఎన్ఏ ఒకటిన్నర చుట్టు పైనే తిరుగుతుంది. ఇదే న్యూక్లియోసోమ్, దండలో ఒక పూస లాంటిది. ఈ పూసల దండ మందం 11 నానోమీటర్ల దాకా ఉంటుంది. ఇందులో మార్చాల్సిందేమీ లేదు.

రెండో మెట్టును మాత్రం బొమ్మలోంచి తీసేయండి. కణం నుంచి బయటికి తీసిన ఈ దండని, అంటే క్రొమాటిన్‌ని ఉప్పు తక్కువున్న పలుచని ద్రావణంలో ఉంచితే 30 నానోమీటర్ల పోగు కనిపిస్తుంది. అక్కడ చుట్టుపక్కల వేరే దండలు ఉండవు కాబట్టి ఒక దండలోని పూసలు వాటిలో అవే అతుక్కుంటాయి. కేంద్రకం ఇరుకు. పక్క దండల పూసలు కూడా వచ్చి కలిసిపోతాయి, దాంతో క్రమమైన పోగు ఏర్పడదు.

2017లో మనిషి కణాల్లో డీఎన్ఏకి మాత్రమే రంగు పట్టించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో త్రిమితీయంగా చూశారు. కనిపించినవి 5 నుంచి 24 నానోమీటర్ల మందమున్న వంకరటింకర దండలు. విభజన సమయంలోనూ అవే దండలు, కాకపోతే బాగా కిక్కిరిసి ఉన్నాయి. మినహాయింపులు లేకపోలేదు: కోడి ఎర్ర రక్తకణాల్లో 30 నానోమీటర్ల పోగు ఉంది. వాటిలో జన్యువులు దాదాపు మూతపడి ఉంటాయి.

మరి క్రోమోజోమ్ అంత దట్టంగా ఎలా తయారవుతుంది? కండెన్సిన్ అనే ప్రోటీన్ యంత్రం దండను పట్టుకుని ఉచ్చులుగా లాగుతూ పోతుంది. కొత్త బొమ్మలో 30 మెట్టు స్థానంలో ఈ ఉచ్చులనే వేశాను.