ఆగుతావా అని అడిగితే అడ్డం తిరిగే ప్రోగ్రామ్

తెర కదలదు. ప్రోగ్రామ్ ఇంకా పని చేస్తోందా, ఎక్కడో లూప్‌లో చిక్కుకుందా? బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఏ ప్రోగ్రామ్‌నైనా, దాని ఇన్‌పుట్‌నూ చూసి, అది ఎప్పటికైనా ఆగుతుందో లేదో తప్పకుండా చెప్పే పరీక్షకుడు, అంటే అలాంటి మరో ప్రోగ్రామ్, ఉండడం అసాధ్యం. ఈ ఫలితానికి మూలం 1936లో గణితవేత్త అలన్ ట్యూరింగ్ రాసిన పత్రంలో ఉంది. ‘హాల్టింగ్ సమస్య’ అన్న పేరు తర్వాత వచ్చింది.

దీని నిరూపణను మాటల గారడీ అని తీసిపారేసేవారు ఉన్నారు. అది పొరపాటని నా గట్టి అభిప్రాయం. అలాంటి పరీక్షకుడు దొరికాడనుకుందాం, పేరు `halts`. అతనికి ముందు ప్రోగ్రామ్‌ను, తర్వాత దాని ఇన్‌పుట్‌ను ఇస్తాం. దానితో ఇలా రాయవచ్చు:

```python
def ulta(p):
    if halts(p, p):
        while True:
            pass
```

ఇప్పుడు `ulta`కు దాని కోడ్ పాఠాన్నే ఇన్‌పుట్‌గా ఇవ్వండి. ఆగుతుందని పరీక్షకుడు చెబితే, అది లూప్‌లో పడి ఆగదు. ఆగదని చెబితే, వెంటనే ఆగిపోతుంది. ఏ జవాబు చెప్పినా తప్పే.

ఇది గాలిలో మాట కాదనడానికి ఒక నిజమైన పరీక్షకుణ్ణి తీసుకుందాం. ప్రోగ్రామ్‌ను పది లక్షల అడుగుల వరకు అనుకరించి చూస్తాడు. ఆలోగా ఆగకపోతే ‘ఆగదు’ అంటాడు. అతని మీద కట్టిన `ulta` తన గురించి అతణ్ణే అడుగుతుంది. అతను దాన్ని అనుకరించడం మొదలుపెడతాడు. ఆ అనుకరణ లోపల మరో పరీక్షకుడు పది లక్షల అడుగుల లెక్క మొదలుపెడతాడు, అది పూర్తయ్యేలోపే బయటి లెక్క అయిపోతుంది. ‘ఆగదు’ అని తీర్పు వస్తుంది. మరుక్షణమే `ulta` ఆగుతుంది. గడువును కోటికి పెంచినా తప్పు అలాగే ఉంటుంది, కాస్త ఆలస్యంగా బయటపడుతుందంతే.

మరి ప్రోగ్రామ్‌కు దాని పాఠాన్నే ఇవ్వకూడదని నిషేధిస్తే? పనికిరాని నాలుగు వరుసలు చేర్చి, పేర్లు మార్చి ఇస్తే ఆ నిషేధం దాటిపోతుంది. రెండు ప్రోగ్రామ్‌లు ఒకే పని చేస్తాయా అన్నది కూడా ఏ ప్రోగ్రామూ అన్ని సందర్భాల్లో తేల్చలేని ప్రశ్నే. ప్రోగ్రామ్ కూడా అక్షరాల వరుసే, ప్రోగ్రామ్‌లు చదివేది కూడా అక్షరాల వరుసలనే. స్వీయ ప్రస్తావన అక్కడే పుట్టింది, బయటి నుంచి తెచ్చి అతికించినది కాదు.

ఆగడం గురించి అసలేమీ చెప్పలేమని దీని అర్థం కాదు. ముందే లెక్కపెట్టిన సార్లు మాత్రమే తిరిగే లూప్‌లున్న ప్రోగ్రామ్ ఆగి తీరుతుంది. ‘తెలియదు’ అనే హక్కు ఇస్తే పరీక్షకుడు ఎన్నో ప్రోగ్రామ్‌ల గురించి సరైన జవాబు చెప్పగలడు కూడా. కానీ చిక్కు `ulta` లాంటి వాటికే పరిమితం కాదు. 4 నుంచి ప్రతి సరి సంఖ్యనూ తీసుకుని, రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయలేనిది దొరికితే ఆగే చిన్న ప్రోగ్రామ్ ఊహించండి. అందులో స్వీయ ప్రస్తావన ఛాయ కూడా లేదు. 1742లో గణితవేత్త గోల్డ్‌బాక్ మరో గణితవేత్త ఆయిలర్‌కు రాసిన లేఖతో మొదలైన ప్రశ్న అది. ఆ ప్రోగ్రామ్ ఆగుతుందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.