తెలియదంటే చెల్లుతుందా?

కర్నూలు పాతబస్తీలో ఒక చిన్న కిరాణా అంగడి అనుకుందాం. ఆహార భద్రత అధికారి వచ్చి శెనక్కాయ నూనె నమూనా తీసుకున్నారు. నాలుగు భాగాలు చేసి సీళ్లు వేశారు. ఒక భాగం ల్యాబ్‌కు వెళ్లింది. అందులో పామాయిల్ కలిసిందని రిపోర్టు వచ్చింది. అంగడి ఆయన ఒకటే మాట అంటున్నారు: 'నేను కలపలేదు సార్, డబ్బా వచ్చింది వచ్చినట్టే అమ్మాను.' అది నిజమే అనుకుందాం. అయినా ఆయన తప్పు చేసినట్టేనా?

మామూలుగా అయితే కాదనే చెప్పాలి. శిక్షాస్మృతిలో చాలా నేరాలకు చేసిన పని ఒక్కటే సరిపోదు, దాని వెనుక మనసు ఏమిటో కూడా పోలీసులు రుజువు చేయాలి. బస్టాండులో మీ సంచి అనుకుని పక్కాయన సంచి ఎత్తుకెళ్లారు. ఆయన సొమ్ము మీ చేతిలోకి వచ్చిన మాట నిజమే కానీ అది దొంగతనం కాదు, ఎందుకంటే ఆ సెక్షన్‌లోనే దురుద్దేశం ఉండాలని రాసి ఉంది. ఇంటికెళ్లి సంచి విప్పి, మీది కాదని తెలిశాక కూడా దాచుకున్నారా, అప్పుడు కథ వేరు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినా ఈ సూత్రం మారలేదు.

మరి చట్టం మనసు గురించి ఏమీ చెప్పకుండా, ఫలానా పని చేస్తే శిక్ష అని మాత్రమే రాసి ఊరుకుంటే? ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టులో గట్టిగా నిలబడినవారిలో మన తెలుగువారు జస్టిస్ కోకా సుబ్బారావు ఒకరు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో, గుంటూరులో పెట్టిన హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే.

1962 నవంబరులో ఒక జర్మన్ ప్రయాణికుడు జ్యూరిక్ నుంచి మనీలా వెళ్తూ బొంబాయిలో ఆగిన విమానంలో దొరికాడు. అతని జాకెట్టులో 34 కిలోల బంగారం ఉంది. మన దేశం మీదుగా పోయే బంగారాన్ని కూడా విమానం సరుకుల జాబితాలో చూపాలన్న నోటిఫికేషన్ గెజిట్‌లో అచ్చయి అప్పటికి నాలుగు రోజులే. జ్యూరిక్‌లో విమానం ఎక్కిన మనిషికి అది తెలిసే దారి లేదు. హైకోర్టు వదిలేసింది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు మాత్రం దేశ విదేశీ మారక ద్రవ్యాన్ని కాపాడే చట్టంలో మనసు రుజువు అక్కర్లేదని తేల్చారు. సుబ్బారావు గారు ఒంటరిగా విభేదించారు. మనసు రుజువు చేయాలన్న నియమాన్ని చట్టం స్పష్టంగా తీసేస్తేనో, తీసేయకపోతే ఆ చట్టమే పనికిరాకుండా పోతుందంటేనో తప్ప, దోష బుద్ధి లేనివాడికి శిక్ష వేయకూడదన్నది ఆయన వాదన.

తర్వాత వచ్చిన నాథూలాల్ కేసులో అదే వాదన నెగ్గింది. ఇది మన మార్కెట్ యార్డుల్లో ఎవరికైనా జరిగి ఉండే కథ. మధ్యప్రదేశ్‌లోని ధార్‌లో ధాన్యం వ్యాపారి లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు, ఫీజు కట్టాడు. దరఖాస్తు తిరస్కరించామని ఎవరూ చెప్పలేదు. లైసెన్సు వస్తుందిలే అని ఇన్‌స్పెక్టర్ కూడా భరోసా ఇచ్చాడు. వ్యాపారి గోధుమలు కొంటూ, లెక్కలు ఎప్పటికప్పుడు అధికారులకే పంపుతూ వచ్చాడు. దాచుకునేవాడు లెక్కలు పంపుతాడా? అయినా లైసెన్సు లేకుండా నిల్వ పెట్టాడని నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసు పెట్టారు. ఆ నిల్వ వెనుక దోష బుద్ధి లేదని సుబ్బారావు గారు తీర్పు రాసి విడిచిపెట్టారు.

పార్లమెంటుకు ఇది రుచించలేదు. 1967లో నిత్యావసర వస్తువుల చట్టాన్ని సవరించి, తెలిసి చేసినా తెలియక చేసినా నేరమేనన్న అర్థం వచ్చే మాటలు చేర్చింది. 1974లో ఆ మాటలు తీసేసి మధ్యేమార్గం పట్టింది: దోష బుద్ధి ఉందనే కోర్టు ముందుగా అనుకుంటుంది, లేదని నిందితుడే నిరూపించుకోవాలి. అదీ సందేహానికి తావు లేకుండా. మామూలు కేసుల్లో పోలీసుల మీద ఉండే బరువును తెచ్చి వ్యాపారి నెత్తిన పెట్టడమన్నమాట.

తిండి విషయంలో చట్టం మొదటి నుంచీ ఇంకా కఠినంగా ఉంది. కల్తీ ఆవనూనె అమ్మిన కేసులో సర్జూ ప్రసాద్ అనే మనిషి అంగడి యజమాని కాదు, అందులో పని చేసే ఉద్యోగి మాత్రమే. కల్తీ అని తనకు తెలుసని రుజువు చేయలేదు కదా అన్నాడు. చట్టం అమ్మేవాడినే పట్టుకుంటుందని 1961లో సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. వినడానికి అన్యాయంగా ఉంటుంది, కానీ కారణం లేకపోలేదు. నూనెలో ఏమి కలిసిందో కొనేవాడికి కనపడదు. మిల్లువాడు టోకు వ్యాపారిని, టోకు వ్యాపారి అంగడిని చూపించి 'నాకు తెలియదు' అంటూ పోతే ఏ ఒక్కరి మనసులోనూ కల్తీ దొరకదు. నూనెలో మాత్రం ఉంటుంది.

ఇప్పుడు మన అంగడి దగ్గరికి మళ్లీ వద్దాం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 80వ సెక్షన్ ఒకటుంది. దాన్ని జాగ్రత్తగా చదివితే రెండు ముక్కలు కనిపిస్తాయి. సరుకు మంచిదేనని నిజాయితీగా నమ్మాను అన్నది జవాబు కాదు, ఆ నమ్మకం సమంజసమైనదే అయినా సరే. తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని నిరూపిస్తే మాత్రం అది జవాబే. అంటే చట్టం ఆయన మనసు చూడదు, ఆయన చేసిన పని చూస్తుంది. పేరున్న మిల్లు నుంచి సీలు డబ్బా తెచ్చి, బ్యాచ్ నంబరున్న బిల్లు దాచి, తెరవకుండా అమ్మి ఉంటే ఆయనకు నిలబడే చోటుంది. అమ్మేవాడు చిల్లర వ్యాపారికి ఇచ్చే బిల్లునే ఈ చట్టం హామీ పత్రంగా లెక్కిస్తుంది. పది రూపాయలు తక్కువకు వస్తుందని బిల్లు లేని జీరో సరుకు తెచ్చి, డ్రమ్ములో పోసి విడిగా అమ్మి ఉంటే ఎంత అమాయకుడైనా లాభం లేదు. రిపోర్టు మీద అనుమానముంటే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. ఆ గడువు పోతే ఇంకో సీలు భాగాన్ని రెఫరల్ ల్యాబ్‌కు పంపించుకునే అవకాశమూ పోయినట్టే.

నాసిరకం అని తేలితే కేసు జాయింట్ కలెక్టర్ ముందుకు వెళ్తుంది, జరిమానా 5 లక్షల దాకా పడవచ్చు. జైలు ఉండదు. ఇంతవరకు మాకు అభ్యంతరం లేదు. డబ్బుతో పోయే శిక్షకు మనసు రుజువు అడగకపోవడం సబబే. కానీ అదే చట్టంలో 59వ సెక్షన్ ఉంది. ప్రమాదకరమైన ఆహారం వల్ల మనిషి చనిపోతే, దాన్ని అమ్మినవారికి కనీసం 7 ఏళ్ల జైలు, యావజ్జీవం వరకూ పడవచ్చు. 'తెలిసి' అన్న మాట అక్కడ కూడా లేదు. విషమని తెలిసి కలిపినవాడూ, తెలియక అమ్మినవాడూ ఆ సెక్షన్ ముందు ఒకే వరుసలో నిలబడాలి. ఏడేళ్ల కనీస శిక్షకు సుబ్బారావు గారి కొలతే పెట్టాలని, ఆ సెక్షన్‌లో 'తెలిసి' అన్న మాట చేర్చాలని మేము కోరుతున్నాము.

అమలులో ఉన్న లోపం ఇంకొకటి. చిల్లర అంగడిలో నమూనా తీయడం సులువు, మిల్లు గేటు దాటి లోపలికి వెళ్లడం కష్టం. కలిపినవాడు మిల్లు దగ్గరే ఉంటే, అంగడి ఆయన బిల్లు చూపించి బయటపడినా అతను ఇంకో ఊరికి సరుకు పంపుతూనే ఉంటాడు. నమూనా తీసిన రోజే బిల్లు ఫొటో, బ్యాచ్ నంబరు, పంపినవారి చిరునామా రాసుకుని, అదే బ్యాచ్ నూనెను ఆదోని అయినా తాడిపత్రి అయినా మిల్లు గోడౌన్‌లోనే పట్టుకోవాలి. ల్యాబ్ రిపోర్టుకు 14 రోజులు గడువుంది. అది వచ్చేదాకా కూర్చుంటే గోడౌన్‌లో ఆ బ్యాచ్ మిగలదు.